పంతొమ్మిది రోజులు, ఇరవై ఆరు నల్ల ఫోటోలు

పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి. ఇందులో తప్పు మాదే, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాం. మన గ్రూపులో చాలామంది సెలవుల్లోనో, హాస్టల్ నుంచి ఫోన్లోనో ఊళ్లో పిల్లలకి చదువు చెప్తున్నారు. మాకు జరిగింది మీకూ జరగొచ్చు, అందుకే రాస్తున్నాం.

మేము నలుగురం. విశాఖలో ఒకే హాస్టల్, ఒకే రూము. మాలో ఇద్దరిది పెదబయలు మండలం, ఒకడిది ముంచింగిపుట్టు, ఒకడిది హుకుంపేట. నలుగురి ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. దసరా సెలవులకి ఇళ్లకి వెళ్లినప్పుడు చూస్తే, మా ఊళ్ల పిల్లలు నాలుగు, అయిదు తరగతులకి వచ్చినా తీసివేతల దగ్గరే ఆగిపోతున్నారు. మేమూ ఆ వయసులో అక్కడే ఆగాం. ఆశ్రమ పాఠశాలలో ఒక సారు పట్టించుకున్నారు కాబట్టి ఇక్కడిదాకా వచ్చాం. అందుకని హాస్టల్‌కి తిరిగి రాగానే ఫోన్లో ట్యూషన్ మొదలుపెట్టాం. ఏడుగురు పిల్లలు, వాళ్లందరికీ కలిపి నాలుగు ఫోన్లు.

పద్ధతి ఇలా పెట్టుకున్నాం. రాత్రి భోజనాలయ్యాక మేము అయిదు లెక్కలు కాగితం మీద రాసి ఫోటో పంపుతాం, ఎలా చెయ్యాలో చెప్తూ ఒక వాయిస్ పెడతాం. పిల్లలు మర్నాడు బడి నుంచి వచ్చాక నోటుబుక్కులో చేసి, వెలుతురు ఉండగానే ఫోటో తీసి మా నంబరుకి పంపాలి. మా వైపు ఊళ్లలో ఇంట్లో కూర్చుంటే సిగ్నల్ దొరకదని మీకు తెలుసు. ఫోటో తీసి పంపేస్తే వాట్సాప్‌లో గడియారం గుర్తు పడి ఉంటుంది. పెద్దవాళ్లెవరైనా సిగ్నల్ ఉన్న చోటికి ఫోన్ పట్టుకెళ్తే అప్పుడు దానంతటదే వెళ్లిపోతుంది. రాత్రికి మేము చూసి జవాబిస్తాం. వినడానికి బాగానే ఉంది కదా.

డిసెంబరులో ఎనిమిదో పాప చేరింది. మాలో ఒకడికి చిన్నాన్న కూతురు, నాలుగో తరగతి. పద్దెనిమిది ఇళ్ల ఊరు. ఆ ఊరి నుంచి మా ట్యూషన్‌లో ఉన్నది ఈ పాప ఒక్కతే. చిన్నాన్న కాఫీ పళ్ల డబ్బులతో సంతలో సెకండ్‌హ్యాండ్ ఫోన్ కొన్నాడు. ఇంట్లో అదే మొదటి టచ్ ఫోన్. మేము ఫోన్ చేసి పాపకి ఒక్కో మెట్టూ చెప్పాం. పచ్చ గుర్తు నొక్కు, అన్న పేరు నొక్కు, కింద కెమెరా బొమ్మ నొక్కు, నోటుబుక్కు మీద పట్టుకుని తెల్ల గుండ్రం నొక్కు, తర్వాత పచ్చ బాణం నొక్కు. పాప ఆ అయిదూ వరసగా అప్పజెప్పింది. మేము సంతోషించాం.

మర్నాడు రాత్రి ఫోటో వచ్చింది. నల్లగా ఉంది.

ఇక్కడ నిజం చెప్పాలి. ఆ మొదటి రోజు మేము ఆ ఫోటో తెరవనే లేదు. మాకు ఇంటర్నల్స్ జరుగుతున్నాయి, హాస్టల్‌లో నెట్ నత్తలా నడుస్తోంది. చాట్‌లో చిన్న గడిలో నల్లగా కనబడింది, ఇంకా లోడ్ అవ్వలేదేమో అనుకున్నాం. పంపింది కదా, చేసే ఉంటుంది అని బొటనవేలు గుర్తు పెట్టేశాం. రెండో రోజూ అంతే. మూడో రోజు తెరిచి చూస్తే నిజంగానే నలుపు. చీకట్లో తీసిందేమో అనుకుని, "వెలుతురులో తియ్యమ్మా" అని వాయిస్ పెట్టి ఊరుకున్నాం. నాలుగో రోజు నలుపు. అయిదో రోజు నలుపు. లెక్కలు మాత్రం రోజూ మేము పంపుతూనే ఉన్నాం, ఒకదాని మీద ఒకటి కష్టం పెంచుతూ.

వారం దాటాక మా రూములో మాటలు మారాయి. "లెక్కలు చెయ్యట్లేదురా, చెయ్యకుండా ఏదో ఒకటి నొక్కి పంపేస్తోంది" అన్నాడు ఒకడు. "మన చిన్నప్పుడు మనం చెయ్యలేదా, నోటుబుక్కు ఇంట్లో మర్చిపోయా సార్ అని? ఇది కొత్త రకం" అన్నాడు ఇంకొకడు. అందరం నవ్వాం. పన్నెండో రోజు రాత్రి మాలో ఒకడు వాయిస్ పెట్టాడు. కోపంగా ఏం కాదు గానీ గట్టిగానే పెట్టాడు: "నీ హోంవర్క్ మాకు అందట్లేదు. చెయ్యకపోతే చెయ్యలేదని చెప్పు. మా టైము, మీ నాన్న డేటా రెండూ వేస్టు చెయ్యకు." పక్కనున్న ముగ్గురం వద్దనలేదు. కాబట్టి ఆ వాయిస్ నలుగురిదీ.

పదమూడో రోజు నుంచి రోజుకి రెండు ఫోటోలు రావడం మొదలైంది. రెండూ నలుపే. మేము ఏమనుకున్నామో చెప్పడానికి సిగ్గుగా ఉంది. వెక్కిరిస్తోందనుకున్నాం.

పదిహేడో రోజు ఏదో పనికి ఫోన్లో ఫోటోలు చెరిపేస్తుంటే ఒక సంగతి కళ్లబడింది. మిగతా పిల్లల నోటుబుక్కు ఫోటోలు ఒక్కోటి 100 కేబీ దాటి ఉన్నాయి. ఈ పాపవి 20 కేబీ కూడా లేవు. ఫోటోలో గీతలు, అక్షరాలు, నీడలు ఎంత ఎక్కువుంటే ఫైలు అంత పెద్దది అవుతుంది. అంతా ఒకే రంగైతే దాచుకోవడానికేమీ ఉండదు, ఫైలు చిన్నదైపోతుంది. సాయంత్రం మసక వెలుతురులో తీసినా ఎక్కడో ఒక అంచు, కిటికీ వెలుగు, కాగితం తెలుపు కాస్తయినా పడాలి. ఇన్ని రోజుల్లో ఒక్కసారి కూడా పడలేదంటే అది చీకటి కాదు.

ఆ రాత్రి రూములో మేమే పరీక్ష చేసి చూశాం. ఒక నోటుబుక్కు నేల మీద పెట్టి, ముందు లైటు ఆపి తీశాం. తలుపు సందులోంచి వరండా వెలుగు వస్తోంది కదా, కాగితం బూడిద రంగులో గింజలు గింజలుగా కనబడింది. ఆ ఫోటో వెలుతురు పెంచి చూస్తే గీతలు కూడా తెలిశాయి. రెండోసారి లైటు వేసి కెమెరా మీద వేలు పెట్టి తీశాం. నల్లగా రాలేదు, వేలిలోంచి వెలుగు దిగి ఎర్రగా, గోధుమ రంగుగా వచ్చింది, ఒక అంచున వెలుతురు జారింది. మూడోసారి ఫోన్ చొక్కా జేబులో పెట్టి నొక్కాం. గుడ్డ నేత మసకగా పడింది. నాలుగోది పక్క రూము అబ్బాయి దగ్గర దొరికింది. ఈ మధ్య అమ్ముతున్నారే, వెనకాల కెమెరా మీద జరిపే మూత ఉన్న పౌచ్, అది వాడిది. మూత జరిపి తీశాం. అచ్చం పాప పంపినట్టే వచ్చింది. వెలుతురు ఎంత పెంచినా నలుపు మీద రంగురంగుల చుక్కలు తప్ప ఏమీ లేదు.

నలుగురం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం.

మర్నాడు సాయంత్రం, సిగ్నల్ దగ్గరికి వచ్చే వేళకి ఫోన్ చేశాం. పాపే ఎత్తింది. "ఫోన్ వెనకాల కెమెరా మీద ఏముందమ్మా?" అని అడిగాం.

"పువ్వుందన్నా."

"పువ్వా?"

"ఆఁ, ఎర్ర పువ్వు. బాగుంది."

ఎవరో పువ్వు బొమ్మ అంటించారనుకున్నాం. మూత తియ్యి అని చెప్పబోయేసరికి లైను కట్టయింది, మళ్లీ కలవలేదు. పంతొమ్మిదో రోజు కూడా రెండు నల్ల ఫోటోలు వచ్చాయి. ఆ తర్వాత సంక్రాంతి సెలవులు ఇచ్చారు. మాలో ఇద్దరం పాడేరు బస్సెక్కి, అక్కణ్నుంచి పెదబయలు జీపు పట్టుకుని, చివరి మూడు కిలోమీటర్లు నడిచి వాళ్లింటికి వెళ్లాం.

పాప మమ్మల్ని చూసి గుమ్మం వెనక్కి వెళ్లిపోయింది. వాయిస్ గుర్తుంది మరి. పిన్ని కాఫీ పెట్టింది. మేము ఏమీ అడగకుండా, "ఫోటో ఎలా తీస్తావో ఒకసారి తీసి చూపించమ్మా" అన్నాం. ఏది తప్పో మేమే చెప్పేస్తే పాప రోజూ ఏం చేసేదో మాకెప్పటికీ తెలిసేది కాదు.

పాప లోపలికెళ్లి నోటుబుక్కు తెచ్చింది. గుమ్మం దగ్గర వెలుగు పడే చోట చాప వేసి, దాని మీద పేజీ తెరిచి, గాలికి ఎగరకుండా రెండు మూలలా రెండు గులకరాళ్లు పెట్టింది. దువ్వెన తీసి జుట్టు దువ్వుకుంది. చేతులు పావడాకి తుడుచుకుని ఫోన్ పట్టుకుంది. పచ్చ గుర్తు, అన్న పేరు, కెమెరా బొమ్మ, అన్నీ మేము చెప్పిన వరసలోనే నొక్కింది. తెర నల్లగా ఉంది. ఫోన్ కదలకుండా ఊపిరి బిగబట్టి తెల్ల గుండ్రం నొక్కింది. టక్ మని శబ్దం వచ్చింది. పచ్చ బాణం నొక్కి మా వైపు చూసింది.

ఫోన్ వెనకాల నల్ల పౌచ్. కెమెరా మీద, ఫ్లాష్ మీద కలిపి ఒక మూత. మూత మీద ఎర్ర పువ్వు అచ్చు.

"ఇది జరుగుతుంది తెలుసా?" అని అడిగాం.

"తెలుసన్నా. నాన్న తియ్యొద్దన్నాడు."

చిన్నాన్న అప్పుడే పనినుంచి వచ్చాడు. "అవును బాబూ, నేనే చెప్పాను. పౌచ్ అమ్మినోడు చెప్పాడు, మూత తీస్తే దుమ్ము పడి అద్దం గీసుకుపోద్ది, ఫోన్ పాడైపోద్ది అని. చిన్నపిల్ల కదా, ఎక్కడ తీసేస్తుందో అని గట్టిగా చెప్పాను" అన్నాడు. ఆయన ఫోన్లో మాట్లాడ్డం తప్ప ఫోటో ఎప్పుడూ తియ్యలేదు. నాలుగు వేలు పెట్టి కొన్న వస్తువు, జాగ్రత్త చెప్పకుండా ఎలా ఉంటాడు?

"మరి తెర నల్లగా ఉంటే నీకు అనుమానం రాలేదా?" అని పాపని అడిగాం.

లేదంది. తన ఆధార్ దిగినప్పుడు ఫోటో తీసినాయన వైపే తెర ఉంది, తనకేమీ కనబడలేదు. బడిలో మేడం ఫోటో తీసినా అంతే. ఫోటో అంటే అవతలివాళ్లకి కనబడేది, తీయించుకునేవాళ్లకి కాదు అనుకుంది. "నల్లగా ఉంటే దాంట్లో నా మొహం కనబడేదన్నా. మీకూ నా మొహం కనబడుతుందేమో అని జుట్టు దువ్వుకునేదాన్ని" అంది.

నవ్వొచ్చింది. ఆ వెంటనే అడక్కూడనిది అడిగాం. "పన్నెండు రోజుల తర్వాత రెండేసి ఫోటోలు పంపావెందుకు?"

"అందట్లేదన్నారు కదన్నా. ఒకటి దారిలో పోయినా ఇంకోటి వస్తుందని."

దానికి మా దగ్గర జవాబు లేదు. మా వాయిస్ విని రాత్రి ఏడ్చిందని పిన్ని తర్వాత చెప్పింది. ఏడ్చి మానెయ్యలేదు, రెట్టింపు పంపింది. ఫోటో పోయాక రెండు టిక్కులు నీలంగా మారేవంట, ఆ పక్కనే మొదట్లో మా బొటనవేలు కూడా ఉండేది. "నీలం వచ్చింది కదా, అన్న చూశారనుకున్నా" అంది. తన తప్పేముంది అందులో? రెండు బూడిద టిక్కులంటే ఫోన్‌కి చేరింది అని, నీలం అంటే చాట్ తెరిచారు అని. అంతే. లోపలి ఫోటో చూశారనీ, చూసినా కనబడిందనీ ఆ టిక్కు చెప్పదు. కనబడిందో లేదో చెప్పాల్సింది మేము. మేమేమో బొటనవేలు పెట్టాం.

ఇప్పుడు అసలు సంగతి. నోటుబుక్కు చూశాం. పంతొమ్మిది రోజులవీ ఉన్నాయి, ఒక్క రోజు మానలేదు. పైన తేదీ, కింద అయిదు లెక్కలు, గీత కొట్టి మళ్లీ మర్నాటి తేదీ. మొదటి అయిదు రోజులూ మేము ఇచ్చింది తేలిక తీసివేతలు. 68లోంచి 25 తీస్తే 43. అన్నీ కరెక్టు. ఆరో రోజు నుంచి పక్క స్థానం దగ్గర తెచ్చుకునే లెక్కలు ఇచ్చాం. అక్కడ 53లోంచి 28 తీస్తే పాప 35 అని రాసింది. రావలసింది 25. ఏడో రోజూ అదే రకం తప్పు, ఎనిమిదో రోజూ అంతే. చివర్లో మేము 402లోంచి 157 ఇస్తే 355 రాసింది. పద్నాలుగు రోజులు ఒకే తప్పు, ముత్యాల్లాంటి అంకెల్లో.

ఆ తప్పు ఎలా వస్తుందో చూడండి. 53, 28. ఒకట్ల స్థానంలో పైన 3, కింద 8. మూడులోంచి ఎనిమిది పోదు, అందుకని పాప తిరగేసి ఎనిమిదిలోంచి మూడు తీసి 5 వేసింది. పదుల్లో అయిదులోంచి రెండు తీసి 3 వేసింది. 35. 402, 157లో కూడా అంతే. ఏడులోంచి రెండు తీసి 5, అయిదులోంచి సున్నా తీసి 5, నాలుగులోంచి ఒకటి తీసి 3. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తోంది, ఏది పైనుందో ఏది కిందుందో చూడట్లేదు.

"ఇలా ఎందుకు చేశావమ్మా?" అంటే చెప్పిన జవాబు: "పెద్దదాంట్లోంచే చిన్నది తియ్యాలి కదన్నా. ఒకటో తరగతిలో చెప్పారు." నిజమే, ఒకటో తరగతిలో అలాగే చెప్తారు. చెప్పిన మాట పట్టుకుంది. మూత విషయంలోనూ అంతే కదా.

మరి మేము వాయిస్‌లో పక్క స్థానం దగ్గర తెచ్చుకోవడం చెప్పాం కదా? చెప్పాం. "పైన చిన్నదుంటే పక్కింట్లో అప్పు తెచ్చుకో" అని. పాప ఇంట్లో కువి మాట్లాడతారు. మా తెలుగు వాయిస్‌లో 'అప్పు' అన్న మాట దగ్గరే ఆగిపోయిందంట. మాకు అప్పులేదు కదా, ఎందుకు తేవాలి అనుకుందంట. ఆరో రోజు ఒక్క ఫోటో కనబడి ఉంటే ఆ రాత్రే ఈ తప్పు పట్టుకునేవాళ్లం. ఒక్క లెక్క చాలు, 35 చూడగానే తెలిసిపోతుంది. కనబడలేదు కాబట్టి పద్నాలుగు రోజులు తప్పునే సాధన చేయించాం.

ఆ సాయంత్రం పలకా వద్దు, పుస్తకమూ వద్దు అనుకుని పాపని నోటితో అడిగాం. "నీ దగ్గర 53 రూపాయలున్నాయి. కొట్లో 28 రూపాయల సరుకు కొన్నావు. ఎంత మిగులుద్ది?" ఆలోచించలేదు కూడా. "ఇరవై అయిదు" అంది. ఎలా వచ్చిందంటే, 28కి రెండు కలిపితే 30, 30 నుంచి 53కి 23, రెండూ కలిపి 25 అని చెప్పింది. సంతలో వాళ్లమ్మ మిరియాలు, రాజ్మా అమ్మేటప్పుడు చిల్లర లెక్క చూసేది ఈ పాపేనంట. నోటితో 25 చెప్పే పిల్ల కాగితం మీద 35 రాస్తోంది.

చిన్నాన్న జేబులోంచి పది నోట్లు, రూపాయి బిళ్లలు తీసి చాప మీద పెట్టాం. అయిదు పదులు, మూడు రూపాయలు. "ఎనిమిది రూపాయలియ్యి" అన్నాం. పాప దగ్గర మూడే ఉన్నాయి. ఒక పది నోటు తీసి మా చేతిలో పెట్టి "చిల్లరియ్యన్నా" అంది. మేము పది బిళ్లలిచ్చాం. ఇప్పుడు నాలుగు పదులు, పదమూడు రూపాయలు. పదమూడులో ఎనిమిది పోతే అయిదు, నాలుగు పదుల్లో రెండు పోతే రెండు. 25. ఆ చిల్లర మార్చడమే కాగితం మీద 5 కొట్టేసి 4 వెయ్యడం అని చూపించాం. పాప పెన్సిల్ లాక్కుని తర్వాతి లెక్క తనే చేసింది.

402 దగ్గర కాసేపు ఆగింది. నాలుగు వందలున్నాయి, పదులు లేవు, రెండు రూపాయలున్నాయి. ఏడు రూపాయలివ్వాలి. "పదే లేదు, చిల్లర ఎలా?" అని తనలో తనే అనుకుని, వంద మార్చాలంది. వంద మారిస్తే పది పదులు. అందులో ఒక పది మారిస్తే తొమ్మిది పదులు, పన్నెండు రూపాయలు. వందలు మూడు మిగిలాయి. పన్నెండులో ఏడు పోతే 5, తొమ్మిదిలో అయిదు పోతే 4, మూడులో ఒకటి పోతే 2. 245. "అప్పు కాదన్నా ఇది, చిల్లర" అంది. ఇప్పుడు మా ట్యూషన్‌లో అందరికీ 'చిల్లర మార్చడం' అనే చెప్తున్నాం.

ఆ రాత్రి చిన్నాన్నకి కూడా మూత సంగతి చెప్పాం. ఆయన చెప్పిన జాగ్రత్త తప్పు కాదు, మూత ఉండాల్సిందే. ఫోటో తీసేటప్పుడు జరపాలి, తీశాక మూసెయ్యాలి. పాప చేత మూత జరిపించాం. తెర మీద తన నోటుబుక్కు కనబడగానే ఫోన్ పక్కకి తీసి నోటుబుక్కు చూసింది, మళ్లీ ఫోన్ చూసింది, మళ్లీ నోటుబుక్కు చూసింది.

ఇది పాప ఒక్కదాని కథ కాదు. మాలో ఒకడు కాలేజీ అడ్మిషన్‌కి సర్టిఫికెట్లు ఎక్కించేటప్పుడు కుల ధ్రువపత్రం వెనక వైపు స్కాన్ చేసి పెట్టాడు. ఖాళీ కాగితం. తెర మీద అప్‌లోడ్ అయింది అని పచ్చగా వచ్చింది. వెరిఫికేషన్ రోజు దాకా వాడికీ తెలీదు. ఎక్కింది అనే మాటని వాడు సరిగ్గా ఉంది అనుకున్నాడు, పాప నీలి టిక్కుని అన్న చూశాడు అనుకుంది. ఇంట్లో ముందు చేసినవాళ్లు లేనప్పుడు పక్కనుంచి "ఒకసారి తెరిచి చూడు" అనే మనిషి ఉండడు.

అందుకని మా పద్ధతి కొంచెం మార్చుకున్నాం. ఫోటో పంపే ముందు పిల్లలు అందులోని మొదటి లెక్కని ఫోటోలో చూస్తూ చదివి వాయిస్ పెట్టాలి, నోటుబుక్కు చూసి కాదు. చదవలేకపోతే మాకూ కనబడదని వాళ్లకే తెలిసిపోతుంది. మా వైపు నుంచి బొటనవేలు బంద్. ప్రతి ఫోటోకీ అందులో ఉన్న ఒక లెక్కని మేము తిరిగి రాసి పంపాలి, "53లోంచి 28, నువ్వు 25 రాశావు, కరెక్టు" అని. అలా రాయాలంటే ఫోటో తెరవక తప్పదు. ఫోటో నల్లగా వస్తే తిట్టకుండా అదే రోజు ఫోన్ చేస్తాం. కలవకపోతే మర్నాటికి కొత్త లెక్కలు పంపం, పాతవే ఉంచుతాం.

సెలవులయ్యాక మొదటి రాత్రి పాప ఫోటో వచ్చింది. మూలలో గులకరాయి, కింద పాప కాలి బొటనవేలు కూడా పడ్డాయి. అయిదు లెక్కల్లో నాలుగు రైటు. అయిదోదాంట్లో వంద మార్చి, వందల స్థానంలో ఒకటి తగ్గించడం మర్చిపోయింది. తప్పు చూసి మా రూములో నలుగురం లేచి నిలబడ్డాం. కనబడింది కదా మరి.

ఆ పన్నెండో రోజు వాయిస్ పెట్టినవాడు మళ్లీ వాయిస్ పెట్టాడు. తప్పయింది చెల్లీ అన్నాడు. పాప ఏమీ అనలేదు, తప్పయిన లెక్క మళ్లీ చేసి ఫోటో పంపింది. ఈసారి ఒక్కటే పంపింది.

మీ దగ్గర కూడా ఇలా ఫోన్లో చెప్తున్నవాళ్లుంటే, ఈ రాత్రి ఒకసారి పాత ఫోటోలన్నీ తెరిచి చూడండి. ఏమైనా దొరికితే కింద రాయండి, మేమూ నేర్చుకుంటాం. జోహార్.